తెలుగులో నీలానికి సొంత పేరు ఎందుకు లేదు: రంగుల మాటలు పుట్టే వరస

ప్రశ్న: "మాది పాలకొల్లు దగ్గర. మా తాతయ్య ముదురాకుపచ్చగా ఉన్న చేను చూసి 'నల్లగా తిరిగింది' అంటారు. పసుపు చీరని 'పచ్చ చీర' అంటారు. నీలం సంస్కృతం మాట. గోధుమ, నారింజ అన్నీ వస్తువుల పేర్లే. అంటే పూర్వం మనవాళ్లకి ఈ రంగులు తెలియవా? అన్ని భాషల్లోనూ రంగుల పేర్లు ఒకే వరసలో వస్తాయని ఎక్కడో చదివాను. అది నిజమైతే తెలుగులో ఎలా కనిపిస్తుంది?"

తెలుసండి. పేరు లేకపోవడం వేరు, కంటికి ఆనకపోవడం వేరు. ఈ రెండింటినీ కలిపేయడం మీతో మొదలైంది కాదు. 1858లో గ్లాడ్‌స్టన్ అనే ఆయన, తర్వాత బ్రిటన్ ప్రధాని అయినాయన, హోమర్ కావ్యాలన్నీ గాలించి వాటిలో నీలం రంగు మాట దాదాపు లేదని, సముద్రాన్ని ద్రాక్షసారాయితో పోల్చారని గమనించాడు. దాంతో ఆనాటి గ్రీకులకి రంగులు తెలిసే శక్తి ఇంకా పూర్తిగా ఏర్పడలేదని తేల్చేశాడు. గమనించింది సరైనదే, తేల్చింది తప్పు. మీ తాతగారు చేను నల్లగా తిరిగిందంటే ఆయన చూపులో లోపం ఏమీ లేదు. ఆయన మాటలో చాలా పాత తెలుగు ఇంకా బతికి ఉంది. నేను ముప్పై ఏళ్లు భాషాశాస్త్రం పాఠం చెప్పి, ఇప్పుడు అంబాజీపేట దగ్గర మా ఊళ్లో ఉంటున్నాను. నాకు ఇష్టమైన విషయం కాబట్టి కొంచెం విడమరిచి రాస్తాను.

ముందు ఆ వరస సంగతి. 1969లో బ్రెంట్ బెర్లిన్, పాల్ కే అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 98 భాషల రంగుల మాటలు పోల్చి చూశారు. రెండే రంగుల మాటలున్న భాషలో అవి నలుపు, తెలుపు. మూడుంటే మూడోది ఎరుపు. ఆ తర్వాత ఆకుపచ్చ గానీ పసుపు గానీ, ఏది ముందొచ్చినా రెండోది వెనకే వస్తుంది. వాటి తర్వాత నీలం. నీలం తర్వాత గోధుమ. ఊదా, గులాబీ, నారింజ, బూడిద చివర్న ఏ వరసలోనైనా వస్తాయి. నీలానికి సొంత మాట ఉండి ఎరుపుకి లేని భాష వాళ్లకి కనపడలేదు. అసలు కబురు అది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఈ వరస చదవగానే, ఖాళీ అరలో ఒక్కొక్క రంగూ వచ్చి చేరుతున్నట్టు అనుకుంటాం. రెండు మాటలే ఉన్న భాషలో ఎర్రని పువ్వుని ఏమీ అనలేక ఊరుకుంటారా? ఊరుకోరు. న్యూగినీ కొండల్లోని దాని అనే జాతివాళ్లకి రంగులకి ముఖ్యమైన మాటలు రెండే. మిలి అంటే ముదురువి, చల్లనివి: నలుపు, ఆకుపచ్చ, నీలం అన్నీ. మోల అంటే లేతవి, వెచ్చనివి: తెలుపు, ఎరుపు, పసుపు అన్నీ. ఉన్న రెండు మాటలే లోకంలోని రంగులన్నింటినీ పంచుకుంటాయి. ఆ తర్వాత జరిగేది వేరుపడ్డం, ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ములు వాటాలు పంచుకున్నట్టు. వెచ్చని వాటాలోంచి ఎరుపు విడిపోతుంది, అందులోంచి పసుపు విడిపోతుంది. ముదురు వాటాలోంచి ఆకుపచ్చ, ఆకుపచ్చలోంచి నీలం. 1978లో పాల్ కే, మెక్‌డేనియల్ అనే ఇంకొకాయనతో కలిసి పాత సిద్ధాంతాన్ని ఇలాగే సరిదిద్దాడు. మాటలు 'చేరడం' కాదు, 'చీలడం' అన్నాడు. మీ తాతగారి మాట అర్థం కావాలంటే ఈ చీలడం గుర్తుండాలి.

ఇప్పుడు తెలుగులోకి వద్దాం. ఏ రంగు మాట పాతది, ఏది కొత్తది అని నిఘంటువు తెరవకుండానే చెప్పొచ్చు. వ్యాకరణమే చెప్పేస్తుంది.

ఆ రంగు మాట పక్కన 'బడు' పెట్టి చూడండి. జుట్టు తెల్లబడింది. ఎండకి ఒళ్లు నల్లబడింది. కళ్లు ఎర్రబడ్డాయి. కామెర్లొచ్చి కళ్లు పచ్చబడ్డాయి. ఇక్కడితో ఆగిపోతుంది. నీలబడింది అనం, నీలంగా మారింది అంటాం. గోధుమబడింది, నారింజబడింది అని ఎవరి నోటా రాదు. ఇప్పుడు 'టి' పెట్టండి. తెల్లటి, నల్లటి, ఎర్రటి, పచ్చటి. మళ్లీ అదే నాలుగు. నీలానికి 'టి' అతకదు. అంటే తెలుగు భాష తన సొంత యంత్రాంగంలో పూర్తిగా కలుపుకున్న రంగులు నాలుగే. అవి బెర్లిన్, కే చెప్పిన వరసలో మొదటి నాలుగు మెట్లే కావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇంకో పరీక్ష. 'రంగు' అనే మాట తీసేసి చూడండి. ఎర్ర చీర, నల్ల చీర అంటాం. గోధుమ చీర, బూడిద చీర అంటే వినడానికి బాగోదు. గోధుమ రంగు చీర, బూడిద రంగు చీర అనాల్సిందే. అవి ఇంకా వస్తువుల పేర్లే, 'రంగు' అన్న ఊతకర్ర లేకుండా నిలబడలేవు. నీలం మధ్యలో ఉంది. 'నీలం చీర' అని హాయిగా అంటాం, ఊతకర్ర అక్కర్లేదు. కానీ 'బడు', 'టి' మాత్రం దానికి దక్కలేదు. నాలుగు మెట్ల తర్వాత, గోధుమ కంటే ముందు. నీలం ఉండాల్సిన చోటే ఉంది.

మూడో పరీక్ష చెరువులో ఉంది. మా ఊరి చెరువులో మూడు రకాల కలువలు పూసేవి, ఇప్పుడు చేపల చెరువులొచ్చి తగ్గిపోయాయి. తెల్లగా ఉండేది తెల్లకలువ. ఎర్రగా ఉండేది చెంగలువ. ఇందులో 'చెం' అన్నది ఎరుపుకి ఇంకా పాత మాట. అదే మూలం నుంచి వచ్చిన కెంపు మనకి రత్నం పేరుగా మిగిలిపోయింది, కన్నడంలో మాత్రం కెంపు అంటే ఈనాటికీ ఎరుపే. మూడోది నీలంగా ఉండేది. దాన్ని ఏమంటారో తెలుసా? నల్లకలువ. సంస్కృతంలో నీలోత్పలం అనే పువ్వు అచ్చ తెలుగులో నల్లకలువ. ఆ పువ్వు ఎంత లేత నీలంగా ఉంటుందో చూసినవాళ్లకి తెలుసు. నలుపుకీ దానికీ పోలికే లేదు. అయినా ఆ పేరు పెట్టిన రోజున తెలుగువాడి దగ్గర మూడు వాటాలే ఉన్నాయనుకోండి. అది తెల్లది కాదు, ఎర్రది కాదు. మిగిలింది నల్ల. ఆ మాటకి అప్పట్లో 'కాటుక రంగు' అన్న ఇరుకు అర్థం లేదు. ముదురువీ చల్లనివీ అన్నీ అందులోనే.

మీ తాతగారి చేను ఇదే లెక్క. మన సార్వా చేను మొదట్నుంచీ చివరిదాకా రంగుల్లో ఎలా చెబుతామో గమనించండి. యూరియా పడ్డాక ముదురాకుపచ్చకి వస్తే నల్లగా తిరిగింది. జింకు లోపమో మరొకటో తగిలి ఆకు తుప్పురంగుకి వస్తే ఎర్రబడింది. కాండం తొలిచే పురుగు పడి గింజ పట్టని కంకులు తెల్లకంకులు. అంతా బాగుంటే పచ్చగా ఉంది. నాలుగే నాలుగు మాటలతో రైతు తన పైరు ఆరోగ్యం మొత్తం చెప్పేస్తాడు, ఎదుటి రైతుకి ఒక్క ముక్క కూడా పొల్లుపోకుండా అందుతుంది. వరదొస్తే గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటాం. నిజానికి ఆ నీళ్లది బురద రంగు, బెర్లిన్, కే వరస ప్రకారం గోధుమ. గోధుమ ఇంకా ఎరుపు ఇంట్లోనే ఉంది, వేరు పడలేదు. ఎర్రావు అన్నా అంతే. మిట్టమధ్యాహ్నం కాసే ఎర్రటి ఎండ అసలు ఎర్రగానే ఉండదు. అది వెచ్చని వాటా మొత్తానికి పాత ఎరుపు గుర్తు అని నా అభిప్రాయం.

ఇక పచ్చ. ఇది తెలుగులో అన్నింటికంటే ఆసక్తిగా ఉండే మాట. గన్నేరుల్లో పచ్చగన్నేరు పూసేది పసుపు పువ్వు. పచ్చకామెర్లు అన్నప్పుడూ పసుపే. పచ్చిక, పసరు, పచ్చటి చేను అన్నప్పుడు ఆకుపచ్చ. పచ్చబొట్టు చేతి మీద చూడండి, నీలం కలిసిన ఆకుపచ్చ. పసుపు నుంచి నీలం అంచు దాకా ఒకే మాట పరుచుకుని ఉంది. పచ్చి, పసి, పసరు, పచ్చ, పసుపు అన్నీ ఒక మూలంలోంచి వచ్చినవే. లేతగా, తాజాగా ఉన్నదాని రంగు అన్నది వాటన్నింటి వెనకున్న భావం. అదే మూలం తమిళంలో పచ్చై, కన్నడంలో హసిరు. ఆ రెండు చోట్లా అది ఆకుపచ్చకి కట్టుబడిపోయింది. పసుపు రంగు కోసం తమిళం మంజళ్ అన్న మాట వాడుకుంది, కన్నడం హళది అన్నది తెచ్చుకుంది. తెలుగు మాత్రం పచ్చని రెండింటికీ ఉంచుకుని, తేడా చెప్పాల్సి వచ్చినప్పుడు ముందు ఒక గుర్తు తగిలించింది: ఆకుపచ్చ, పసుపుపచ్చ, చిలకపచ్చ.

పసుపు గురించి ఒక మాట. పసుపు కొమ్ము పేరు రంగుకి పెట్టారని మనందరం అనుకుంటాం. మాట తీరు చూడండి: నలుపు, తెలుపు, ఎరుపు, పసుపు. ఒకే అచ్చు. ముందు అది రంగు పేరు, ఆ రంగున్న కొమ్ముకి తర్వాత అతికింది, మళ్లీ కొమ్ములోంచి రంగు పేరుగా తిరిగొచ్చింది. వస్తువు పేరే రంగు పేరు అవుతుందన్న మీ మాట గోధుమకి, నారింజకి సరిపోతుంది. పసుపు దగ్గర మాత్రం దారి రెండు వైపులా నడిచింది.

పచ్చ ఇలా పసుపునీ ఆకుపచ్చనీ కలిపి పట్టుకోవడం 1969 నాటి వరసలో ఇమడదు. ప్రపంచంలో ఎక్కువ భాషల్లో కలిసి ఉండేవి ఆకుపచ్చ, నీలం. పసుపు, ఆకుపచ్చ కలిసి ఉండటం అరుదు. కెనడా పడమటి కొసన షుస్వాప్ అనే భాషలో అలాంటి మాట ఉందని 1980ల్లో మెక్‌లారీ అనే పరిశోధకుడు వివరంగా చూపించాకే దాన్ని గట్టిగా లెక్కలోకి తీసుకున్నారు. అంటే చీలడానికి ఒకటే దారి లేదు. ఎక్కువమంది నడిచిన దారి ఒకటుంది, పక్కదారులూ ఉన్నాయి. తెలుగు పచ్చ అలాంటి పక్కదారి.

ఇదంతా మాటల్లోంచి తీసిన సాక్ష్యం. మనిషి నోట ఎలా వస్తుందో కూడా చెప్పాలి. అసలు పద్ధతి ఇదీ: 330 రంగు ముక్కలు తీసుకుంటారు. అందులో 320 రంగులవి, 40 రకాల రంగులు ఒక్కోటీ లేత నుంచి ముదురు దాకా ఎనిమిది మెట్లలో. మిగతా పది తెలుపు నుంచి బూడిద మీదుగా నలుపు దాకా. ఒక్కో ముక్కా విడిగా చూపించి 'ఇది ఏమిటి?' అని అడుగుతారు. అన్నీ అయ్యాక మొత్తం పట్టిక ముందు పెట్టి, వాళ్లు చెప్పిన ఒక్కో మాటకి 'ఇందులో అసలు సిసలు ఎరుపు ఏది?' అని వేలు పెట్టి చూపించమంటారు. మొదటిది మాట ఎంత దూరం పాకిందో చెబుతుంది, రెండోది దాని నడుమ ఎక్కడుందో చెబుతుంది. 1976లో మొదలైన ప్రపంచ రంగుల సర్వేలో, ఎక్కువగా లిపి లేని 110 భాషల్లో, ఒక్కో భాషకి సగటున 24 మందిని ఇలాగే అడిగారు.

నా దగ్గర ఆ పట్టిక లేదు. ఇల్లు సున్నాలు వేయించేటప్పుడు పెయింటు షాపులో ఇచ్చిన షేడ్ కార్డు ఉంది. దాన్ని ముక్కలుగా కత్తిరించి, వెనక పేర్లు కనపడకుండా తెల్ల కాగితం అంటించి, అరుగు మీద మా పెద్దమ్మ ముందు పెట్టాను. ఆవిడకి ఎనభై దాటాయి, బడికి వెళ్లలేదు. ఇది పరిశోధన కాదు, ఒక్క మనిషి. కానీ పని ఎలా నడుస్తుందో తెలియడానికి చాలు.

చామంతి రంగు ముక్క చూపిస్తే 'పచ్చ' అంది. అరటాకు రంగు ముక్క చూపిస్తే అదీ 'పచ్చ'. ఇటుక రంగు 'ఎరుపు', కాఫీ గింజ రంగు కొంచెం ఆలోచించి 'ముదురెరుపు'. ఆకాశం రంగు 'నీలం', బట్టలకి పెట్టే నీలిమందు గుర్తొచ్చింది కాబోలు, చెయ్యి నీళ్లలో ముంచినట్టు ఆడించింది. రాత్రి ఆకాశం లాంటి ముదురు నీలం చూపిస్తే 'నల్లది'. లేత ఊదా ముక్కకి 'ఇదేదో వంగపువ్వులా ఉంది' అంది, రంగు పేరు మాత్రం చెప్పలేదు. అప్పుడు చామంతి ముక్క, అరటాకు ముక్క పక్కపక్కన పెట్టి, రెండూ పచ్చే కదా, ఒకటేనా అని అడిగాను. "ఒకటెందుకవుతుందిరా, ఇది పువ్వు పచ్చ, ఇది ఆకు పచ్చ, కనపట్టల్లేదా?" అంది. మాట ఒకటే, చూపు రెండు. మీ మొదటి ప్రశ్నకి ఇంతకంటే సూటి జవాబు నేను చెప్పలేను.

ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. వయసు మీదపడ్డ కొద్దీ కంటిలోని కటకం పసుపు తిరుగుతుంది, దాంతో నీలం కాంతి లోపలికి తక్కువ వెళుతుంది. ముదురు నీలం నిజంగానే నల్లగా అనిపిస్తుంది. అప్పుడు పెద్దవాళ్లు 'నల్లది' అంటే అది భాషో, కన్నో చెప్పలేం. మా పెద్దమ్మకి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. ఆపరేషన్ అయ్యాక గోడలన్నీ నీలంగా కనపడుతున్నాయని కొన్నాళ్లు గొడవ చేసింది కూడా. అందుకని ఆవిడ మాట మీద నాకు నమ్మకం ఉంది. అయినా నలుపు ముక్క, ముదురు నీలం ముక్క కలిపి ఆరు ఇచ్చి, ఒకేలాంటివి ఒక చోట పెట్టమన్నాను. మూడు ఇటు, మూడు అటు, తప్పు లేకుండా వేరు చేసింది. పేరు అడగటంతో ఆపేస్తే ఈ సంగతి బయటపడదు. వేరు చేయమని అడిగితీరాలి.

మరి వరస ఇదే ఎందుకయింది? నీలం అంత వెనకెందుకు? కంటి నిర్మాణం ఒక కారణమని కొందరంటారు. నాకు ఎక్కువ నచ్చిన జవాబు 2017లో వచ్చింది. గిబ్సన్, ఆయన తోటివాళ్లు బొలీవియా అడవుల్లో ఉండే చిమానే జాతివాళ్లని పరీక్షించి, సర్వేలోని 110 భాషలనీ మళ్లీ లెక్కగట్టారు. అన్ని భాషల్లోనూ వెచ్చని రంగుల్ని మాటతో సూటిగా చెప్పగలుగుతున్నారు, చల్లని రంగుల్ని అంత సూటిగా చెప్పలేకపోతున్నారు. కారణం వాళ్లు ఫోటోల్లో వెతికారు. మనుషులు గుర్తించి మాట్లాడుకునే వస్తువులు, అంటే పండ్లు, జంతువులు, మొహాలు వెచ్చని రంగుల్లో ఉంటాయి. వెనకున్న ఆకాశం, నీళ్లు, ఆకులు చల్లని రంగుల్లో ఉంటాయి.

దీన్ని మన ఊళ్లో పెట్టి చూడండి. కొబ్బరితోటలో నిలబడితే పైన ఆకాశం, కింద కాలవ, చుట్టూ మట్టలు. 'ఆ నీలంది ఇలా తీసుకురా' అని ఎవరితోనైనా అనాల్సిన అవసరం రోజులో ఎన్నిసార్లు వస్తుంది? ఆకాశం ఒక్కటే. దాన్ని ఇంకో ఆకాశం నుంచి వేరు చేసి చెప్పనక్కర్లేదు. పండిన మామిడికాయ, పండనిది మాత్రం పక్కపక్కనే ఒకే కొమ్మకి ఉంటాయి. మిరప కళ్లంలో పండుమిరప, పచ్చిమిరప వేరు చెయ్యాలి. అన్ని విధాలా ఒకేలా ఉండి రంగులో మాత్రమే తేడా ఉన్నప్పుడు రంగు మాట కావాలి. ప్రకృతిలో నీలంగా ఉండి, అలా వేరు చేయాల్సి వచ్చేవి తక్కువ. శంఖుపువ్వు, పాలపిట్ట రెక్క, నెమలి మెడ, నల్లకలువ. వాటికి సొంత పేర్లున్నాయి, రంగు చెప్పనక్కర్లేదు.

ఇది మార్చింది అద్దకం. నీలిమందుతో బట్ట అద్దడం మొదలయ్యాక, రెండు పంచెలు, రెండు చీరలు నేతలో, పొడవులో ఒకటే, తేడా రంగే. అమలాపురం పక్కన బండారులంకలో మగ్గాల దగ్గర కూర్చోండి, ఈ సంగతి చెవులతోనే తెలుస్తుంది. వంగపండు రంగు, నెమలికంఠం రంగు, ఉల్లిపొర రంగు, రాణి కలర్, రామా గ్రీన్. కడియం నర్సరీల్లోనూ అంతే. కాగితంపూల మొక్కలు పది రకాలు పక్కపక్కనే పెంచుతారు, ఆకు ఒకటే, ముల్లు ఒకటే, పువ్వు రంగే తేడా. ఫోన్లో ఆర్డరు తీసుకునేవాడికి లేత గులాబీకీ రాణి రంగుకీ తేడా మాటల్లోనే చెప్పాలి, లేకపోతే లారీ ఎక్కిన సరుకు వెనక్కి వస్తుంది. నర్సరీలో పుట్టిన మాట నర్సరీలోనే ఉండిపోవచ్చు. అందరి నోటికీ పాకితేనే అది భాషకి మూలమైన రంగు మాట అవుతుంది. ఉల్లిపొర రంగు ఆ గీత దాటలేదు. గులాబీ దాటుతోంది.

అవసరం ఉన్నా మాట పుట్టని చోటు కూడా ఒకటుంది. వరికి యూరియా ఎప్పుడు వెయ్యాలో తెలుసుకోవడానికి వ్యవసాయ శాఖవాళ్లు ఒక ప్లాస్టిక్ పట్టీ ఇస్తారు, దాని మీద లేత నుంచి ముదురు దాకా ఆకుపచ్చ గడులుంటాయి. పైన పూర్తిగా విచ్చుకున్న ఆకు మధ్యభాగాన్ని ఒంటి నీడలో ఆ గడుల పక్కన పెట్టి చూడాలి. ఆ ఆకుపచ్చల్లో ఏ ఒక్కదానికీ పేరు లేదు, నెంబర్లే ఉన్నాయి. నెంబరు, పట్టీ ఉన్నచోట మాట అక్కర్లేకుండా పోయింది. కాబట్టి అవసరం ఉంటే చాలు మాట పుడుతుందని కూడా గట్టిగా అనలేం. ఆ తేడాని చూపించకుండా, నోటితో మాత్రమే, చాలామంది చాలామందికి చెప్పాల్సి వస్తేనే పుడుతుంది.

ఈ వరస మీద ఉన్న అభ్యంతరాలు కూడా చెప్పకపోతే సరికాదు. 1969లో చూసిన 98 భాషల్లో నేరుగా మనుషుల్ని అడిగినవి 20 మాత్రమే, వాళ్లూ చాలావరకు శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉంటూ ఇంగ్లిష్ కూడా వచ్చినవాళ్లు. మిగతా 78 పుస్తకాల్లోంచి తీసుకున్నవి. నిఘంటువు చూసి తెలుగు గురించి రాస్తే పచ్చ పక్కన 'ఆకుపచ్చ రంగు' అని రాసి ఊరుకుంటారు, పచ్చగన్నేరు సంగతి తప్పిపోతుంది. తర్వాత జరిగిన పెద్ద సర్వే ఈ లోపాన్ని చాలావరకు పూడ్చింది, వరస మొత్తం మీద నిలబడింది, కానీ ఎక్కువ భాషలు నడిచే దారిగానే, తప్పనిసరి చట్టంగా కాదు. ఇంకో చిక్కు, రంగు ముక్కలు చూపించి అడిగితే రంగులే చెబుతారు. రంగుతో పాటు తడి, పండటం, మెరుపు కూడా కలిపి చెప్పే మాటలు జారిపోతాయి. మన 'పచ్చి' అలాంటిదే. పచ్చి కొబ్బరి తెల్లగా ఉంటుంది.

చివరగా ఇప్పుడు మన ఇళ్లలో జరుగుతున్నది. మా మనవరాలు నల్ల కుక్క, తెల్ల చొక్కా, ఎర్ర రిబ్బన్ అంటుంది. కానీ బ్లూ బ్యాగు, పింక్ గౌను, ఆరెంజ్ పెన్సిల్, బ్రౌన్ బూట్లు, గ్రే గోడ. పచ్చ దగ్గర మాత్రం ఊగిసలాడుతుంది, ఆకుపచ్చ అని ఒకసారి, గ్రీన్ అని ఒకసారి. ఇంగ్లిష్ మాటలు ఆ వరసలో చివరి కొస నుంచి ముందుకి వస్తున్నాయి. చివర పుట్టినవి, 'రంగు' ఊతకర్ర లేకుండా నిలబడలేనివి ముందు పోతున్నాయి. 'బడు', 'టి' ఉన్నవి నిలబడుతున్నాయి. మీ ఇంట్లో పిల్లల మాట వింటే మీకూ ఇదే వినపడుతుందని నా నమ్మకం.

మీ తాతగారి దగ్గర కూర్చునే వీలుంటే దయచేసి ఆయన మాటలు రాసిపెట్టండి. 'ఇది ఆకుపచ్చా, పసుపా?' అని అడక్కండి, మాట మీరే అందించినట్టవుతుంది. ముక్క చేతిలో పెట్టి 'ఇదేమిటి తాతయ్యా?' అని మాత్రమే అడగండి. నీడపట్టున, పగటి వెలుతురులో చూపించండి, ట్యూబులైటు కింద వద్దు. ఒక్కో ముక్కా విడిగా, వరస కలిపేసి చూపించండి. వరసలో పెడితే పక్కముక్క చూసి మాట మార్చేస్తారు. ఆ తర్వాత ఆవుల రంగులు, పైరు రంగులు, నీళ్ల రంగులు విడిగా అడగండి, అవి ముక్కల మీద రావు. నాకు కావలసింది మరీ ముఖ్యంగా ఒకటుంది: దాళ్వా చేను కోతకి వచ్చినప్పుడు ఆయన 'పచ్చబడింది' అంటారా, 'ఎర్రబడింది' అంటారా, 'పండింది' అని ఊరుకుంటారా? మా వైపు మూడూ విన్నాను, ఏది ఎవరంటారో ఇంకా పట్టుకోలేకపోయాను. తెలిస్తే ఇక్కడే రాయండి.